నలుగురే అంకుల్, గంటన్నరే!

అయిదో తారీఖున రావలసిన అద్దె ముప్పయ్యో తారీఖు రాత్రే వచ్చేసిందంటే, పై పోర్షన్ వాళ్ళకి ఏదో పని పడిందని కింద ఉన్న ఓనరు గ్రహించాలి. మర్నాడు పొద్దున పదింటికి ఆవిడ స్టీలు డబ్బాతో మెట్లు దిగుతుంది. డబ్బా మూత తీస్తే అడగబోయేది ఎంత పెద్దదో తెలిసిపోతుంది. నలుగురు పిల్లలకి ట్యూషనైతే పులిహోర, రెండు బ్యాచీలైతే బొబ్బట్లు, గేటుకి బోర్డు కూడా తగిలించాలంటే నేతి సున్నుండలు. “ట్యూషనంటే పెద్ద ట్యూషనేం కాదు అంకుల్. మా వాడు ఎలాగూ చదువుకుంటాడు కదా, వాడితోపాటు ఓ నలుగురు. గంటన్నరే. సౌండన్నది ఉండదు. ఎక్కాలు కూడా మనసులోనే చదివిస్తాను.” మల్కాజిగిరిలో అయినా విజయవాడ సత్యనారాయణపురంలో అయినా ఈ మాటలు పెద్దగా మారవు, అంకుల్ స్థానంలో బాబాయిగారు వస్తారు, అంతే. ఆవిడ అబద్ధాలాడుతుందని చాలామంది నవ్వుకుంటారు గానీ, నాకు నవ్వొచ్చేది అందుకు కాదు. ఆవిడ చెప్పేది చాలావరకు నిజమే. కాకపోతే ఓనరు భయం ఒకటి, ఆవిడ హామీ ఇచ్చేది ఇంకొకటి.

చప్పుడు సంగతే చూద్దాం. ట్యూషన్ గదిలో పిల్లలు చేసే గోల తలుపేస్తే సగం తగ్గుతుంది. మిగతా సగాన్ని అణచడానికి టీచరు “సైలెన్స్!” అని అరిచే అరుపే ఆ గంటన్నరలో అన్నిటికన్నా పెద్ద చప్పుడు. దాన్నయినా ఓనరు భరిస్తాడు, ఎందుకంటే అదే సమయానికి కింద టీవీ అంతకన్నా గట్టిగా మోగుతుంటుంది. భరించలేనిది గేటు. నలుగురు పిల్లలంటే రావడం నాలుగు సార్లు, పోవడం నాలుగు సార్లు. ప్రతిసారీ గొళ్ళెం తీసిన చప్పుడొకటి, వేసిన చప్పుడొకటి. మొత్తం పదహారు. పరీక్షలు దగ్గరపడేసరికి నలుగురు పదకొండు మంది అవుతారు. అయిదింటికి ఆరుగురు, ఆరింటికి అయిదుగురు. అంటే రోజుకి నలభైనాలుగు గొళ్ళెం చప్పుళ్ళు. నీళ్ళ సీసా మర్చిపోయి వెనక్కొచ్చినవాడు ఈ లెక్కలో లేడు. ఆవిడ పిల్లల్ని లెక్కపెడుతుంది, ఓనరు గేటుని లెక్కపెడతాడు. నలుగురేనని ఆవిడ ఇంకా అంటున్నా, మెట్ల కింద చెప్పులు ఆయనకి హాజరుపట్టీ చదివి వినిపిస్తూనే ఉంటాయి. ఇక సరిగ్గా ఆరింటికి మొదటి బ్యాచీ దిగుతూ, రెండో బ్యాచీ ఎక్కుతూ మెట్ల మలుపులో కలుసుకుంటారు. గేటు బయట నాలుగు స్కూటర్లు, వాటి మీద తల్లిదండ్రులు, వాళ్ళలో ఒకరికి మార్కుల గురించి అక్కడే మాట్లాడాలి. ఆవిడ చేతిలో ఉన్నది గదిలోని చప్పుడొక్కటే కాబట్టి దానికే పూచీ పడుతుంది. తలుపు బయట జరిగేది ఆవిడ ఒప్పందంలో లేదు.

మరి ఓనరు చాదస్తుడేగా, పిల్లలు నాలుగు అక్షరాలు నేర్చుకుంటుంటే గొళ్ళెం లెక్కలేమిటి అంటారేమో. అనడం సులువే. కానీ కరెంటు మీటరు ఆయన పేరు మీదుంది. ఇంటి వాడకానికి ఒక రేటు, వ్యాపారానికి ఇంకో రేటు. ఇక్కడ నడిచేది ఇల్లు కాదు, వ్యాపారం అని ఎవరైనా తేలిస్తే నోటీసు మీద అచ్చయ్యేది ఆయన పేరే, పై పోర్షన్ పేరు కాదు. ఇంటిపన్నుదీ ఇదే వరస. ఇవన్నీ పైకి చెబితే పిసినారి అనుకుంటారని ఆయన కూడా “సౌండు రాకూడదమ్మా” అనే అంటాడు. అలా ఇద్దరూ ఇద్దరికీ పట్టని విషయం మీద చక్కగా ఒప్పందానికొస్తారు. అసలు ఒప్పందపత్రం బీరువాలో ఉంటుంది. పదకొండు నెలలది, ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ గొడవ అని అందరూ అనుకుంటారు కాబట్టి. అందులో “నివాసానికి మాత్రమే” అన్న ముక్క తప్పకుండా ఉంటుంది. లేకపోయినా, దేనికని తీసుకున్నారో దానికే వాడుకోవాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతూనే ఉంది. కాబట్టి ఆవిడ అడగడం అతి వినయం కాదు, అవసరం. అయితే నోటితో అడిగి నోటి సరే పుచ్చుకుని వెళ్ళిపోతుంది. ఆ సరే ఓనరుగారి అబ్బాయి అమెరికా నుంచి సెలవులకి వచ్చేదాకానే చెల్లుతుంది.

చీరల ఆన్‌లైన్ వ్యాపారమైతే ఈ గొడవ లేదు కదా అని కొందరి వాదన. పిల్లలుండరు, చెప్పులుండవు, నిజమే. కానీ కొరియరు కుర్రాడు పై పోర్షన్ బెల్లు ఎప్పుడూ కొట్టడు, కిందిదే కొడతాడు. వెనక్కొచ్చిన పార్సిల్ మధ్యాహ్నం నిద్రవేళ ఓనరే సంతకం పెట్టి తీసుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి లైవులో “అక్కా, ఈ పీసు ఒక్కటే ఉంది” అన్న కేక, ఆ తర్వాత పదకొండింటిదాకా బర్రుమని టేపు లాగుడు. పైగా ఈ వ్యాపారస్థురాలికి జీఎస్టీ నమోదు కావలసి వస్తే అద్దె పత్రం, కరెంటు బిల్లు, చాలాసార్లు ఓనరు సమ్మతి పత్రమూ కావాలి. “చిన్న సంతకం అంకుల్” అని ఆవిడ అడిగిన రోజున డబ్బాలో ఏముందో ఊహించుకోవచ్చు. ట్యూషనావిడ ఈ విషయంలో ఎంతో నయం.

విచిత్రమేమిటంటే ఆవిడ దగ్గర గట్టి వాదన ఒకటుంది, అది మాత్రం చెప్పదు. పదకొండు మంది పిల్లల తల్లులకి ఈ గేటు తెలుసు. నాలుగు వీధులు అవతలికి ఇల్లు మారితే సగం మంది రారు. అందుకని ఆవిడ ఇల్లు ఖాళీ చేయదు, అద్దె ఆలస్యం చేయదు, టులెట్ బోర్డు మళ్ళీ వేలాడదీసే పని ఓనరుకి పెట్టదు. చెబితే వచ్చే ఏడు అద్దె పెంచుతాడన్న భయం ఉండొచ్చు, అది కాదనలేం. అయినా సౌండుండదని పదిసార్లు ప్రమాణం చేసేకంటే ఇంకో దారుంది. రెండు బ్యాచీల మధ్య పావుగంట విడుపు ఇస్తాను, చెప్పులు పైన మా వాకిట్లోనే విడిపిస్తాను, తల్లిదండ్రుల్ని సందు మలుపులో ఆగమంటాను, గొళ్ళేనికి పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టిస్తాను, ఎనిమిది మంది దాటితే మళ్ళీ అడుగుతాను అని అద్దె పత్రం కిందే నాలుగు వరుసలు రాసి ఇద్దరూ సంతకాలు పెడితే ఆ ఇంట్లో బొబ్బట్ల ఖర్చు సగం తగ్గుతుంది. రాయదు. కాగితం అనగానే ఓనరు కళ్ళజోడు పెట్టుకుంటాడు, పెట్టుకున్నాక మిగతా షరతులు కూడా చదువుతాడు.

అందుకే ఆయన “సరేలేమ్మా, సౌండు మాత్రం…” అనగానే ఆవిడ ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని గబగబా పైకెళ్ళిపోతుంది. బీరువా వెనక పదిరోజులుగా దాచిన తెల్లబోర్డు బయటికి తీసి, గోడకి ఎక్కడ పెడితే బావుంటుందా అని చూస్తుంది. అప్పుడు గుర్తొస్తుంది, పత్రంలో ఆరో షరతు గోడలకి మేకులు కొట్టరాదని. ఆవిడ బోర్డు మంచం మీద పడేసి, సెనగపప్పు నానబోస్తుంది.