నా పర్సుకి నేనెవర్ని?

మా బావమరిదికి ఐదొందలు బాకీ ఉన్నాను. ఫోన్లోని వాలెట్‌లో పద్దెనిమిది వందలున్నాయి కదా, కొట్టేద్దామని నొక్కాను. కుదరదంది. అదే వాలెట్‌తో సందు చివర కొట్లో కందిపప్పు కొంటే మాత్రం కిక్కురుమనకుండా ఇచ్చేసింది. అంటే నా డబ్బుతో నేను పప్పు తినొచ్చు గానీ, బాకీ తీర్చకూడదన్నమాట. బావమరిదికి ఈ సంగతి చెబితే, ‘సాకు బాగుంది బావా’ అన్నాడు.

తప్పు వాలెట్‌ది కాదు, నాదే. రెండేళ్ల క్రితం అది తెరిచినప్పుడు నేనిచ్చింది ఓటీపీ, పేరు, ఒక గుర్తింపు కార్డు నంబరు, అంతే. ఆ మాత్రం పరిచయానికి రిజర్వు బ్యాంకు ఇచ్చే మర్యాద కూడా ఆ మాత్రమే. ఏ క్షణంలోనూ అందులో 10,000 రూపాయలు మించకూడదు. సరుకులూ సేవలూ కొనుక్కోవచ్చు, ఇంకొకరికి పంపకూడదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ మధ్య ఒకటో తారీఖున ఆరు వేలు వేసి, పదిహేను రోజుల్లో మొత్తం ఊడ్చేశాను. పద్దెనిమిదో తారీఖున ఐదు వేలు వేయబోతే అడ్డం తిరిగింది. ఖాళీ పర్సుకి పరిమితేమిటని మండిపడ్డాను. తీరా చూస్తే, నిల్వకి ఒక లెక్క, నెలలో వేసినదానికి వేరే లెక్క. నెలకి వేయగలిగేదీ పది వేలే. ఆరు ఖర్చయిపోయినా, వేసిన లెక్కలో ఆరూ ఆరే. అప్పటికి నాలుగు వేలే చెల్లుతుంది. ఏడాదికి లక్షా ఇరవై వేలు దాటకూడదని ఇంకో గీత ఉంది గానీ, దాని దాకా వెళ్లే స్తోమత నాకెలాగూ లేదు.

ఈ వైభవానికీ గడువుంది. నా రకం వాలెట్‌కి 24 నెలలు. ఈలోగా పూర్తి కేవైసీ చేయించుకోకపోతే కొత్తగా డబ్బు వేయనివ్వరు, ఉన్నది ఖర్చు పెట్టుకోనిస్తారు. సరిగ్గా గడువు ముంచుకొచ్చిన వారంలోనే ‘కేవైసీ ముగిసింది, ఈ లింకు నొక్కండి’ అని ఎవడో మెసేజి పెట్టాడు. మా అబ్బాయి ఫోను లాక్కుని, ‘నొక్కకండి నాన్నా, యాప్‌లోంచే వెళ్లండి’ అన్నాడు. వెళ్లాను. వీడియో కేవైసీ అంది.

రిజర్వు బ్యాంకు దీన్ని 2020 జనవరిలో అనుమతించింది. పేరేదైనా ఇది పెళ్లిచూపులే. వెలుతురున్న చోట కూర్చోమన్నారు. లొకేషన్ ఆన్ చేసి ఉండాలి, ఎందుకంటే మనం దేశంలోనే ఉన్నామో లేదో చూస్తారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మా ఆవిడ పక్కన నిలబడి, ‘తల కాస్త ఎత్తండి’ అంది. ఆ మాట ఆవిడకి ఒకప్పుడు వాళ్లమ్మ చెప్పిందట.

తెర మీద ఒక అమ్మాయి వచ్చింది. ‘పాన్ కార్డు చూపించండి సర్.’ చూపించాను. ‘ఇది ప్రింటవుట్ సర్.’ ‘లామినేషన్ కూడా చేయించానమ్మా.’ ఈ-పాన్‌కి తీసిన ప్రింటు వీడియో కేవైసీలో చెల్లదట. అసలు కార్డైనా ఉండాలి, లేదా ఈ-పాన్ ఫైలైనా నేరుగా ఇవ్వాలి. ఇరవై రూపాయలు పెట్టి చేయించిన లామినేషన్ వంక దిగులుగా చూస్తూ ఫోను పెట్టేశాను.

మర్నాడు బీరువా తవ్వి అసలు కార్డు తీశాను. ఈసారి పేరు దగ్గర ఆగింది. ఆధార్‌లో మా ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందుంది, పాన్‌లో పూర్తిగా విప్పుకుని చివర కూర్చుంది. ‘ఇద్దరూ మీరేనా సర్?’ అందా అమ్మాయి. ఇంటిపేరు ముందుండటం మన ఆచారమనీ, చివరికి తోయడం ఫారాల ఆచారమనీ వివరించాను. పుట్టిన తేదీ, నాన్నగారి పేరు అడిగింది. అక్కడ తడబడలేదు, ఆ ప్రశ్నలు బడిలో చేరినప్పటి నుంచీ ప్రాక్టీసే. రెప్పలార్పమంది, ఆర్పాను. తెల్లకాగితం మీద సంతకం పెట్టి చూపించమంది, చూపించాను.

‘అయిపోయిందామ్మా?’ ‘మా వాళ్లు వీడియో పరిశీలించి చెబుతారు సర్.’ ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం అన్నమాట! ఒకరు మాట్లాడాక ఇంకొకరు సరిచూస్తేగానీ ఖాతా తెరుచుకోదట.

రెండో రోజు సాయంత్రం కబురొచ్చింది, నచ్చానని. ఇప్పుడు నా వాలెట్ రెండు లక్షల దాకా పడుతుంది. బావమరిదికి ఐదొందలు పంపాను, చటుక్కున వెళ్లాయి. వాడికి నచ్చలేదు, వడ్డీ ఏదన్నాడు.

మా ఆవిడ మాత్రం నిట్టూర్చింది. ‘ఐదొందల కోసం వాళ్లు ఇన్ని అడిగారు. ఆరోజు మా నాన్న మీ సంతకమైనా చూడలేదు.’