పేరు వదిలేయండి, గీత చూడండి

పాట పేరు సగమే కనిపిస్తున్న మసక స్క్రీన్‌షాట్ చేతికి రాగానే అందరం చేసేది ఒకటే. వేళ్లతో లాగి పెద్దది చేస్తాం, ఆ సగం పేరును వెతుకులాటలో కొడతాం. నా సలహా దీనికి పూర్తిగా తలకిందులు. బొమ్మను చిన్నది చేయండి. పేరును చివరికి వదిలేయండి. ముందు పేరు కిందున్న గాయకుల వరుస, దాని కిందున్న టైము గీత చూడండి. మొండి మాటలా ఉంటుందని తెలుసు. ఎందుకంటున్నానో మా పెద్దమ్మ పంపిన బొమ్మతోనే చెబుతాను.

ఎవరి స్టేటస్‌లోనో పాట మోగుతుంటే పెద్దమ్మ స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపింది. "ఒరేయ్, ఈ పాట నాకు కావాలిరా, దొరకబుచ్చుకో" అని ఒక మాట జత చేసింది. అప్పటికే అది రెండు మూడు చేతులు మారినట్టుంది, బాగా అలుక్కుపోయింది. పైన `Priyathama N…` అని ఉంది. N తర్వాత ఒక గుండ్రటి అక్షరం ఉన్నట్టుంది గానీ అది `a` నో `e` నో తేలదు.

పేరు 'ప్రియతమా' అని మొదలయ్యే పాటలు మనకు ఒకటి రెండు కావు. 2019లో వచ్చిన 'మజిలీ'లో ఒకటుంది. కానీ దాని పేరులో ఆ మాటే రెండుసార్లు వస్తుంది కాబట్టి N దగ్గరే అది తప్పుకుంటుంది. మిగిలినవాటిలో అందరికీ గుర్తొచ్చేవి రెండు. ఒకటి 1990 నాటి 'జగదేక వీరుడు అతిలోక సుందరి'లోది, దాని రెండో మాట `Nanu`. ఇంకొకటి 1991లో తమిళంలో వచ్చిన కమల్ హాసన్ 'గుణ' తెలుగు అనువాదంలోది, దాని రెండో మాట `Neevachata`. రెంటికీ సంగీతం ఇళయరాజాదే. రెంటిలోనూ మగ గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానిదే. మసకలో `a`, `e` రెండూ ఒకేలా చిన్న సున్నాలై కూర్చుంటాయి. అంటే పేరు మనల్ని సరిగ్గా తప్పిపోయే చోటుకే తెచ్చి వదిలేసింది.

నేను కూడా మొదట పేరునే నమ్మాను. వెతికితే పైన వచ్చిన 1990 పాటను పంపేశాను. పెద్దమ్మ వెంటనే ఫోన్ చేసింది. "ఇది కాదురా, ఇది నాకు తెలీదా? నేనడిగిన దాంట్లో మధ్యమధ్య మామూలుగా మాట్లాడుకుంటారు" అంది. అప్పుడు బొమ్మను మళ్లీ తీశాను, ఈసారి చిన్నది చేసి.

చిన్నది చేయడం వెనుక కారణం ఉంది. బొమ్మ చేతులు మారేకొద్దీ అందులో చదరపు గళ్లు ఏర్పడతాయి. పెద్దది చేస్తే పెరిగేది ఆ గళ్ల అంచులే, అక్షరం కాదు. కన్ను ఆ అంచుల దగ్గరే చిక్కుకుంటుంది. 1973లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన లియోన్ హార్మన్, బేలా జూలెజ్ దీన్నే చూపించారు. గళ్లుగళ్లుగా చేసిన లింకన్ ముఖం దగ్గర నుంచి చూస్తే గళ్లుగానే ఉంటుంది, దూరం జరిగితే మనిషి కనిపిస్తాడు. ఫోన్‌ను చేయి చాచి పట్టుకున్నా, కళ్లు చికిలించినా జరిగేది అదే. అక్షరాలకు పదును పెట్టే యాప్‌ల జోలికి పోవద్దు. పోయిన గీతను అవి వెనక్కి తేలేవు, ఉన్న గళ్ల అంచునే ముదురు చేస్తాయి. లేని అక్షరం ఉన్నట్టు భ్రమ పడతాం.

దూరం నుంచి చూసినప్పుడు పెద్దమ్మ బొమ్మలో రెండో వరుస రెండు ముక్కలుగా విడిపోయింది. పొడుగు ముక్క ఒకటి, మధ్యలో కామా, తర్వాత పొట్టి ముక్క. అక్షరాలు చెరిగిపోయినా మాట పొడవు అంత తేలిగ్గా చెరగదు. నా నమ్మకమంతా దీనిమీదే. పొడుగు ముక్క `S. P. Balasubrahmanyam` అనుకుందాం. 1990 పాటలో రెండో గొంతు జానకిది, 'గుణ' పాటలో శైలజది. ఫోన్లో నోట్స్ తెరిచి రెండు వరుసలూ కొట్టాను.

```
S. P. Balasubrahmanyam, S. Janaki
S. P. Balasubrahmanyam, S. P. Sailaja
```

నా ఫోన్ అక్షరాల్లో జానకి పేరు బాలు పేరులో మూడో వంతుకు కాస్త పైన వచ్చింది. శైలజ పేరు దాదాపు సగం వచ్చింది. స్క్రీన్‌షాట్ మీద స్కేలు పెట్టి కొలిస్తే సగం తేలింది. పాట 'గుణ'లోది. పాట మధ్య మాటలు వస్తాయని పెద్దమ్మ చెప్పిన గుర్తు కూడా దానికే సరిపోయింది. (దీని తమిళ మూలమే 2024లో 'మంజుమ్మెల్ బాయ్స్' సినిమాతో మళ్లీ ఊరూరా మోగింది.)

ఈ కొలతకు హద్దు ఉంది. కొన్ని యాప్‌లు సంగీత దర్శకుడి పేరు ముందు పెడతాయి, కొన్ని వరుసను మధ్యలో కోసి చుక్కలు పెడతాయి. చివర చుక్కలుంటే పొడవును నమ్మకండి. అలాంటప్పుడు టైము గీతకు వెళ్లాలి.

గీతకు ఎడమవైపు ఉండేది గడిచిన సమయం. కుడివైపు ఉండేది అన్ని యాప్‌లలో ఒకటి కాదు. ఆపిల్ మ్యూజిక్‌లో కుడివైపు అంకెకు ముందు మైనస్ గుర్తు ఉంటుంది. అది మిగిలిన సమయం, రెండూ కలిపితేనే పాట నిడివి వస్తుంది. మసకలో ఆ మైనస్సే ముందు మాయమవుతుంది. అందుకని కుడి అంకెను ఉన్నదున్నట్టు నిడివి అనుకుని మోసపోతుంటాం. సరిచూసుకోవడం తేలికే. చుక్క గీతలో సగం దాటి ఉండి, కుడి అంకె ఎడమ అంకె కంటే చిన్నదైతే అది మిగిలిన సమయమే.

కుడి అంకె అసలే కనిపించకపోయినా పని ఆగదు. గీత మొత్తం ఎంత, చుక్క ఎక్కడుందో కొలవండి. ఎడమవైపు 3:20, అంటే 200 సెకన్లు అనుకుందాం. చుక్క గీతలో నూటికి 75 పాళ్ల దగ్గర ఉంటే 200ను 0.75తో భాగిస్తే 267 వస్తుంది. నిడివి 4:27 దరిదాపుల్లో అన్నమాట. కొలతలో ఒక పాలు అటూఇటూ అయినా తేడా నాలుగు సెకన్లకు మించదు. అదే చుక్క నూటికి 27 పాళ్ల దగ్గర, 1:12 దగ్గరుంటే అంతే పొరపాటుకు పది సెకన్లు తప్పుతుంది. చుక్క మొదట్లోనే ఉంటే ఈ లెక్క మీద తీర్పు చెప్పకండి.

నిడివి తెలిశాక పేరుకు రండి. ఆ సగం పేరుతో వచ్చిన పాటల్లో నిడివి కలవనివాటిని కొట్టేసుకుంటూ పోండి. సెకను రెండు సెకన్ల తేడా పట్టించుకోనక్కర్లేదు. వీడియోల నిడివితో మాత్రం పోల్చవద్దు. వాటిలో సినిమా మాటలు, ముందు వెనుక బొమ్మలు కలుస్తాయి. ఆల్బమ్‌లోని ఆడియో నిడివే ప్రమాణం. పేరు కొట్టేటప్పుడు కూడా కనిపించని అక్షరాన్ని ఊహించి నింపకండి. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కంపెనీ `Priyathama` అంటే ఇంకొకటి `Priyatama` అంటుంది. ఊహించిన అక్షరం ఒక్కటి తప్పినా అసలు పాట వరుసలో కిందికి పోతుంది.

మీరు ఎవరికైనా పాట స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు ఒక్క మేలు చేయండి. అడుగున ఉన్న గీతనూ అంకెలనూ కత్తిరించకండి. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.