పేజీకో షేరు

కాకినాడలో మా బాబాయిగారి దగ్గర పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటుంది. అట్ట మీద పసుపు బొట్లు, మొదటి పేజీలో ‘శ్రీరామ’. అక్కణ్నుంచి పేజీకో షేరు. లాభమైతే ఆకుపచ్చ సిరా, నష్టమైతే ఎర్ర సిరా. పేజీలన్నీ కూడిన మొత్తం మాత్రం ఎక్కడా కనిపించదు. చివరి పేజీ అందుకే వదిలారు గానీ, పాల లెక్క వచ్చి అందులో కూర్చుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు “షేర్లు ఎలా ఉన్నాయి బాబాయ్?” అని అడిగాను. నాదే తప్పు.

“మునిగిపోయాన్రా!” అన్నారు.

పుస్తకం లాక్కుని చూశాను. అయిదేళ్ళ కింద బ్యాంకు షేరులో పెట్టిన 2 లక్షలు 5 లక్షలయ్యాయి. సాఫ్ట్‌వేరులో లక్ష కాస్తా లక్షా 30 వేలయింది. సిమెంటులో లక్షకి పదివేలు కలిసొచ్చాయి. రోడ్లు వేసే కంపెనీ ఒకటి మాత్రం, మూడేళ్ళ కింద 200 చొప్పున వెయ్యి షేర్లు కొంటే, 80కి జారింది. అంతా కూడితే పెట్టింది 6 లక్షలు, ఉన్నది 8 లక్షల 20 వేలు. మునిగిన మనిషి 2 లక్షల 20 వేల లాభంలో తేలుతున్నారు. ఆ మాటే చెబితే, “అది వేరే పేజీరా” అన్నారు.

బాబాయిగారి ఈ అలవాటుకి పేరు పెట్టినవాడు అమెరికాలో ఉన్నాడు. రిచర్డ్ థేలర్. మనుషులు డబ్బుని మనసులోనే వేరువేరు ఖాతాల్లో పెట్టుకుంటారనీ, ఏ ఖాతానీ నష్టంతో మూయడానికి చేతులు రావనీ చెప్పినాయన. 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మా బాబాయిగారికి చిట్టా తప్ప ఏమీ రాలేదు.

ఆ ఖాతాలన్నీ పనికిమాలినవని కాదు. మా పిన్ని పోపుల డబ్బాలో దాచే స్కూలు ఫీజు ఇన్నేళ్ళూ సినిమాలకి ఖర్చు కాలేదంటే అందుకే. కానీ డబ్బాలో డబ్బు ఊరికే ఉంటుంది. షేరు అలా కాదు, దాన్ని ఉంచాలో అమ్మాలో తేల్చాలి. అక్కడే చిట్టా ఏలుబడి మొదలవుతుంది.

ఆ ఫిబ్రవరిలో బాబాయిగారు బ్యాంకు షేరు మొత్తం అమ్మేశారు. “లాభం చేతికొచ్చినప్పుడు జేబులో వేసుకోవాలి” అని. రోడ్ల షేరు అమ్మలేదు. “అమ్మితేనే నష్టంరా, అందాకా అది కాగితం మీద లెక్కే.” ఆకుపచ్చ సిరా కూడా కాగితం మీదదేనని నేను అనలేదు. పిన్ని అప్పుడే పెసరట్లు పెడుతోంది.

ఆ వచ్చిన డబ్బులోంచి 80 వేలు తీసి, అదే రోడ్ల షేరు మరో వెయ్యి కొన్నారు. దీన్ని బజార్లో యావరేజ్ చేయడం అంటారు. కొన్న సగటు ధర 200 నుంచి 140కి దిగింది. ఎర్ర అంకె 60 శాతం నుంచి 43కి తగ్గింది. “చూశావా, నష్టం ఎలా కరిగిందో!” అని ఫోన్ చేశారు. పోయిన లక్షా 20 వేలు పైసా తగ్గకుండా అక్కడే ఉంది. మారిందల్లా, అది ఇప్పుడు 2 లక్షల 80 వేల మీద నష్టం. పైగా ఒకే కంపెనీలో ఇరుక్కున్న డబ్బు రెట్టింపయింది.

జులైలో ఆడిటరుగారు పుస్తకం అడిగారు. ఆదాయపు పన్ను వాళ్ళకి పేజీలుండవు, ఏడాదికి ఒకటే మొత్తం. బ్యాంకు షేరు మీద దీర్ఘకాలిక లాభం 3 లక్షలు. అందులో లక్షా 25 వేలకి మినహాయింపు పోగా, మిగిలిన లక్షా 75 వేల మీద పన్నెండున్నర శాతం, అంటే 21,875 రూపాయలు. మార్చి 31 లోపు ఆ పాత వెయ్యి రోడ్ల షేర్లూ 80కే అమ్మి ఉంటే, లక్షా 20 వేల నష్టం లాభంలోంచి పోయేది. పన్ను 6,875తో తేలేది. సెస్సు సంగతి పక్కన పెట్టినా 15 వేలు మిగిలేవి.

బాబాయిగారు కాసేపు మాట్లాడలేదు. నేను సందు చూసుకుని అడిగాను: “ఆ రోడ్ల షేర్ల విలువ ఇప్పుడు లక్షా 60 వేలు. అంత నగదు మీ చేతిలో ఉంటే, ఇవాళ దాంతో ఏ షేరు కొంటారు?”

“సిమెంటు.”

“రోడ్ల షేరు కొనరా?”

“దాన్నెవడు కొంటాడ్రా, బుద్ధున్నవాడు!”

“మరి అమ్మేయండి.”

“140 రానీ.”

నిన్న సాయంత్రం ధర చూసి చెప్పమన్నారు. 82 ఉంది. ఇంకా 58 రూపాయలే కదా అన్నారు.