లైన్‌లోనే ఉండండి, షుగర్ దిగిపోతుంది

పొద్దున ఏడింటికి పరగడుపున రక్తం ఇచ్చి, ఎనిమిదింటికి నాలుగిడ్లీలు తిన్నారు హైదరాబాద్‌లో ఓ రిటైర్డు మాస్టారు. మొదటి ముద్ద నుంచి లెక్కేస్తే రెండు గంటలకు, అంటే పదింటికి, రెండో శాంపిల్ ఇవ్వాలి. దాన్ని తీసుకెళ్లాల్సిన కుర్రాడు తొమ్మిది నలభై అయినా జాడ లేడు. మాస్టారు ల్యాబుకు ఫోన్ చేశారు.

"నమస్కారం! మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. మా ప్రతినిధులందరూ వేరే కాల్స్‌లో ఉన్నారు." కాసేపు సితార్ మోగింది. తర్వాత అదే తీయని గొంతు, "మీకు తరచూ నీరసంగా ఉంటోందా?" అని ఆరా తీసింది. సూదిపోటు తిని, ఫోన్ చెవికి ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషికి నీరసం కాక ఇంకేముంటుంది! "అయితే మీకోసమే 80 పరీక్షల ఫుల్ బాడీ ప్యాకేజీ..."

ఈ హోల్డ్ పాటకు అమెరికాలో 1966లో పేటెంట్ పొందినవాడు ఆల్‌ఫ్రెడ్ లెవీ. లైను తెగిపోలేదని అవతలి మనిషికి తెలియడమే దాని మొదటి పని. ల్యాబులకొచ్చేసరికి ఆ పాటకు మార్కెటింగ్ శాఖలో ప్రమోషన్ దొరికింది.

ఇంతకీ ఆ 80 ఎలా అవుతాయి? కొవ్వు లెక్కే చూడండి. యంత్రం కొలిచేది మూడు: మొత్తం కొలెస్ట్రాల్ 200, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్స్ 150 అనుకుందాం. 150ని అయిదుతో భాగిస్తే వీఎల్‌డీఎల్ 30. 200లోంచి 40, 30 తీసేస్తే ఎల్‌డీఎల్ 130. 200ని 40తో భాగిస్తే నిష్పత్తి 5. ఎల్‌డీఎల్‌ను విడిగా కొలిచే ల్యాబులూ ఉన్నాయి. కొలవని చోట మాత్రం మూడు పరీక్షలు, మూడు లెక్కలు కలిసి ఆరు పరీక్షలైపోతాయి. మాస్టారు ముప్ఫయ్యేళ్లు బడిలో చెప్పిన భాగహారాలు, తీసివేతలు ఇక్కడ ప్యాకేజీలో అమ్ముడవుతున్నాయి.

గొంతు మూడోసారి నీరసం గురించి అడిగేసరికి పది దాటింది. అక్కడే అసలు నష్టం. తిన్నాక పెరిగిన షుగర్ రెండు గంటల తర్వాత సాధారణంగా దిగుతూ ఉంటుంది. పదకొండింటికి తీసిన రక్తంలో అంకె తక్కువ వచ్చి, మందు బాగానే పనిచేస్తోందని డాక్టరు అనుకోవచ్చు. రిపోర్టులో శాంపిల్ తీసిన వేళ చూసుకుంటే గానీ ఆ సంగతి బయటపడదు.

చివరికి వాయిస్‌మెయిల్. "బీప్ తర్వాత మీ పేరు, నంబరు చెప్పండి. ఈ నెలాఖరులోగా దంపతులకు ప్రత్యేక తగ్గింపు!" మాస్టారు పేరు చెప్పి, "బాబూ, రెండు గంటలు దాటిపోయింది, మనిషిని పంపించండి" అన్నారు.

మధ్యాహ్నం భోజనం వేళకు ల్యాబు నుంచే ఫోన్ వచ్చింది.

"నమస్తే సార్, దంపతుల ప్యాకేజీ కావాలన్నారట. మేడమ్ గారి వయసెంత సార్?"