బాకీ ఉత్తరం రాయు విధానం

ఇల్లు కట్టుకున్నాయన మిగిలిన టైల్స్ వెనక్కి తెచ్చాడు. మీరు కొంత కటింగ్ పట్టుకుని మిగతాది బిల్లులో తగ్గించాలి, ఆ లెక్క ఆయనకు ఉత్తరం రాయాలి. తెలిసేలా రాశారనుకోండి, ఆయన బాకీ కట్టేసి వెళ్లిపోతాడు. పోట్లాట ఉండదు, పక్కషాపాయనకు కాలక్షేపం ఉండదు. అంత పాపం మూటగట్టుకోకుండా ఉండాలంటే ఇలా చేయండి.

ముందుగా మన లెక్క. రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ 60 పెట్టెలు. పెట్టె 700 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 126, వెరసి 826. మొత్తం బిల్లు 49,560. ఆయన ఇచ్చిన అడ్వాన్సు 40,000. మేస్త్రీ లెక్క ఎప్పటిలాగే ఉదారంగా ఉండటంతో 12 పెట్టెలు మిగిలాయి, ట్రాలీ ఆటోలో తిరిగొచ్చాయి. పన్నెండు ఎనిమిదివందల ఇరవయ్యారులు 9,912. అంటే తన బాకీ 9,560 పోను, మీరే తనకు 352 రూపాయలు ఇవ్వాలని ఆయన ఇంట్లో చెప్పేశాడు. ఆ సంగతి మీకు తెలుసు. తెలియనట్టే ఉండండి. ఉత్తరం మొదటి వాక్యంలోనే ‘తమరు చెల్లించవలసిన మొత్తం రూ. 2,126’ అని రాసి, అది ఎలా వచ్చిందో మాత్రం రాయకండి.

ఆ పన్నెండింటిలో రెండు పెట్టెలు మీరు తీసుకోలేదు. ఒకటి విప్పేసి ఉంది, మూడే పలకలున్నాయి. రెండోదాంట్లో ఒక పలక మూల ఎగిరిపోయింది. ఆటో దిగుతుండగానే ఆయన ఎదుట విప్పి చూసి, చీటీ మీద రాసి సంతకం పెట్టించుకుంటే పని అక్కడితో సరి. అందుకే ఆయన వెళ్లేదాకా ఆగండి, రెండ్రోజుల తర్వాత తీరిగ్గా లెక్కపెట్టండి. ఆ మూల ఆయన ఇంట్లో విరిగిందో, ఆటోలో విరిగిందో, మీ గోడౌన్లో విరిగిందో ఇక బ్రహ్మకు కూడా తెలియదు. ఉత్తరంలో ‘పరిశీలన మేరకు’ అని రాస్తే చాలు.

తక్కిన పదింటికి పది శాతం కటింగ్. దీనికి కారణం మాత్రం పొరపాటున కూడా చెప్పకండి, ఎందుకంటే అది నిజమైన కారణం. టైల్స్ పెట్టె మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఉంటాయి. డిజైను అదే అయినా, వేరే బ్యాచ్‌తో కలిపి పరిస్తే హాల్లో మరకలా తేడా కొడుతుంది. ఆయన కొన్న బ్యాచ్ ఎప్పుడో అమ్ముడైపోయింది. ఈ పది పెట్టెలు ఏ హాలుకూ చాలవు. చిన్న గది కట్టుకునేవాడు వచ్చేదాకా గోడౌన్లో చోటు తినాలి. పైగా దింపి, మోసి, పేర్చే హమాలీ ఖర్చు. ఇదంతా చెబితే ఆయన ‘నిజమేనండీ’ అనేస్తాడు. అంతకంటే ‘షాపు నిబంధనల ప్రకారం’ అనండి. ఆ నిబంధన బిల్లు మీద లేకపోతే ఇప్పుడు రబ్బరు స్టాంపు చేయించండి, సిరా తడి ఆరకముందే చూపించండి.

అసలు రుచి జీఎస్టీలో ఉంది. పది పెట్టెల ధర 7,000లో కటింగ్ 700 పోతే 6,300. దాని మీద పన్ను 1,134 కూడా కలిపి 7,434కు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. మీరు 6,300 మాత్రమే తగ్గించి, ‘పన్ను ప్రభుత్వానికి వెళ్లిపోయిందండీ, మా చేతిలో ఏముంది?’ అని నిట్టూర్చవచ్చు. ఆ క్రెడిట్ నోట్‌ను గడువులోగా రిటర్నులో చూపితే మీ పన్ను అంతమేర తగ్గుతుందని ఆయనకు తెలియకపోతే 1,134 మీ గల్లాపెట్టెలోనే ఉంటుంది. ఆయన తోడల్లుడు అకౌంటెంట్ అయితే మాత్రం ఈ పేరా చదవనట్టే మరిచిపోండి.

ఇంత చెప్పినా మా కొట్లో కుర్రాడు వినలేదు. నేను భోజనానికి వెళ్లొచ్చేలోగా తనకు తోచినట్టు రాసి పంపేశాడు:

‘అయ్యా, మీరు కొన్నది 49,560. తెచ్చిన 12 పెట్టెల్లో పది తీసుకున్నాం, వాటి విలువ 8,260. ఆ బ్యాచ్ అయిపోయింది కాబట్టి పది శాతం, అంటే 826 పట్టుకుని 7,434 తగ్గించాం. నికరం 42,126. మీరిచ్చింది 40,000, బాకీ 2,126. క్రెడిట్ నోట్ జతచేశాం. విప్పిన పెట్టె, మూల విరిగిన పెట్టె మా దగ్గరే ఉన్నాయి, వచ్చి చూసి తీసుకెళ్లండి.’

సాయంత్రం ఆయన వచ్చాడు. రెండు పెట్టెలూ విప్పి చూసుకున్నాడు. 2,126 లెక్కపెట్టి ఇచ్చి, ముందొకటి వెనకొకటి స్కూటర్ మీద పెట్టుకుని వెళ్లిపోయాడు. పక్కషాపాయన కుర్చీ మా వైపు తిప్పుకుని ఇంకా కూర్చునే ఉన్నాడు.