గ్రూపులో పెట్టేశాంగా!

దసమంతపూర్‌లో ఒక తెలుగు సంఘం ఉందనుకుందాం. ఉగాదికి పచ్చడి, సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఏడాది పొడుగునా చందాల గొడవ. ఈసారి పెద్దలకి రాయగడలోని ఇంకో సంఘంతో కలిసిపోవాలని బుద్ధి పుట్టింది. సెక్రటరీ గారు పడక దిగకుండానే వాట్సాప్ గ్రూపులో నోటీసు పడేశారు: "ఆదివారం ఉదయం 10 గంటలకి జనరల్ బాడీ. విలీనం గురించి. అందరూ రావాలి." దాని కింద బోలెడన్ని బొటనవేళ్లు, ఒక గులాబీ పువ్వు, ఒకాయన మనవరాలి డాన్సు వీడియో.

"నోటీసు ఇచ్చారా?" అని అడిగితే, "ఏటండీ, గ్రూపులో పెట్టేశాంగా!" అంటారు.

1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఇంత ముచ్చటగా ఉండదు. ఆశయాలు మార్చుకోవాలన్నా, మరో సంఘంలో కలవాలన్నా 12వ సెక్షన్ ప్రకారం ప్రతిపాదన రాతలోనో అచ్చులోనో ఉండాలి. సమావేశానికి 10 రోజుల ముందే అది ప్రతి సభ్యుడికీ చేతికివ్వాలి, లేదా పోస్టులో పంపాలి. అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. నెల తర్వాత మళ్లీ కూర్చుని, వచ్చినవాళ్లలో అయిదింట మూడు వంతుల మంది ఇంకోసారి ఒప్పుకోవాలి. మన సంఘంలో ఒకసారి ఒప్పుకోవడమే గండం.

సరే, కాలం మారింది. 2000 నాటి ఐటీ చట్టం 4వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రాతని కూడా రాతగానే ఒప్పుకుంది, అయితే ఓ షరతు పెట్టింది: తర్వాత ఎప్పుడు కావాలన్నా తీసి చూసుకునేలా ఉండాలి. గ్రూపు బోల్తా పడేది ఇక్కడే. డిసప్పియరింగ్ మెసేజీలు ఆన్ చేసి ఉంటే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో నోటీసు ఆవిరైపోతుంది. రెండు రోజుల దాకా సెక్రటరీ గారే అందరి ఫోన్లలోంచీ దాన్ని తీసేయగలరు. పెట్టిన 15 నిమిషాల్లోపు 10 గంటల్ని 11 చేయొచ్చు. పక్కన "Edited" అన్న ముక్క కనిపిస్తుంది కానీ, ముందేం రాశారో కనిపించదు. విలీనం వద్దనేవాళ్లు 10కి వచ్చి, ఖాళీ కుర్చీల్ని చూసి వెళ్లిపోయారనుకోండి. మొదట 10 అని రాసినట్టు ఎవరు చూపిస్తారు?

ఇక కొండమీది ఊళ్లో ఉన్న మేష్టారు. సిగ్నల్ లేక ఆయన పేరు "Delivered" జాబితాలోకే ఎక్కలేదు. మెసేజ్ నొక్కి పట్టి, Info తెరిస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. తెరిచే ఓపిక ఎవరికి? బొటనవేళ్లు లెక్కపెట్టుకుంటే సరిపోతుందిగా! కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక రైతు కొనుగోలు కాంట్రాక్టు ఫొటోకి జవాబుగా బొటనవేలు పంపాడు. "అందిందన్నానంతే" అని ఎంత మొత్తుకున్నా, అది సమ్మతి కిందే లెక్కని 2023లో కోర్టు తేల్చి, 82 వేల డాలర్ల పైచిలుకు కట్టమంది. మన గ్రూపులో ఆ వేలికి అర్థం "చూశాను", "సరే", "ఇక విసిగించకు". మూడూ కావచ్చు.

మెయిలేమైనా తక్కువ తిందా? పంపాక వెనక్కి లాక్కోవడానికి జీమెయిల్ ఇచ్చే గడువు మహా అయితే 30 సెకన్లు. ఆ తర్వాత కాపీ ఎవరి పెట్టెలో వాళ్లకి పడుతుంది, తేదీ, సమయంతో సహా. మంచిదే. కానీ ఆ పెట్టె తెరిచేవాళ్లు తక్కువ. తెరిచినవాళ్లు రిప్లై ఆల్ కొడతారు. విలీనం నోటీసు కింద ఒకరు "ధన్యవాదాలు", ఇంకొకరు "హాల్లో ఫ్యాను బాగు చేయించండి", మరొకరు పుట్టినరోజు శుభాకాంక్షలు. ఇరవై జవాబుల తర్వాత అసలు నోటీసు ఆ తోకకి ఎక్కడో చివర వేలాడుతూ ఉంటుంది.

అందుకే నోటీసుని పీడీఎఫ్ చేసి, సబ్జెక్టులో నంబరూ తేదీ వేసి, ఒక్కో నోటీసుకి ఒక్కో కొత్త మెయిల్ పంపాలి. తప్పు దొర్లితే పాతదాని మీద దిద్దకుండా, కొత్త నంబరుతో సవరణ నోటీసు పంపాలి. పంపేది సంఘం పేరు మీదున్న ఖాతాలోంచి. సెక్రటరీ గారి సొంత ఖాతాలోంచి పంపితే, ఆయన అలిగి రాజీనామా చేసిన రోజున పాస్‌వర్డు కూడా రాజీనామా చేస్తుంది. మెయిల్ లేని మేష్టారి లాంటివాళ్లకి కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకోవాలి. 12వ సెక్షన్ లాంటి పెద్ద వ్యవహారమైతే అందరికీ కాగితమే వెళ్లడం మేలు, మెయిల్ దానికి తోడు. గ్రూపులో మాత్రం ఒక్క ముక్క చాలు: "3వ నంబరు నోటీసు పంపాం, చూసుకోండి." నోటీసు మొత్తం అక్కడ మళ్లీ టైపు చేశారో, రెండు నోటీసులవుతాయి, రెండు టైములవుతాయి.

ఇదంతా అతి అనుకునేవాళ్లు పక్క జిల్లా వైపు ఒకసారి చూడాలి. సుప్రీంకోర్టు చెప్పాక 2013లో నియమగిరి చుట్టూ 12 పల్లె సభలు జరిగాయి, జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుడు ఎదురుగా కూర్చుని ఉండగా. కొండ తవ్వనిచ్చేది లేదని పన్నెండు ఊళ్లూ తీర్మానం చేశాయి. పల్లె సభలకే అంత పద్ధతి. అదే సుప్రీంకోర్టు 2025 జనవరిలో, హాజరు కమ్మనే నోటీసులు వాట్సాప్‌లో పంపొద్దని పోలీసులకి చెప్పింది. పోలీసులకే కుదరని పని మన సెక్రటరీ గారికి ఎలా కుదురుతుందో ఆయన్నే అడగాలి.

అడిగారు కూడా. ఆయన మొహం ముడుచుకుని, పీడీఎఫ్ చేసి, నంబరు వేసి, అందరికీ మెయిల్ కొట్టి, గ్రూపులో "మెయిల్ పంపాను, చూసుకోండి" అని పెట్టారు. అరగంటకి కోశాధికారి గారి జవాబు వచ్చింది: "చూస్తాను గానీ, ఆ మెయిల్‌ని ఇక్కడ గ్రూపులో పెట్టేద్దురూ."