ఎలీఫజు మాట

సంఘంలో ఎవరింట చావు జరిగినా కార్యక్రమం కాగితానికి వాక్యం ఏరే పని నాకే అప్పజెబుతారు. బైబిలంతా నోటికొచ్చన్న పేరు నాది. ఆ పేరుకు నేనే ఎక్కువ మురిసిపోయాను.

మా పెద్దమ్మ నిండు వయసులో ప్రభువునందు నిద్రించింది. ఫొటో కింద పట్టేంత చిన్న వాక్యం, లోపలి పేజీలో దానికి నాలుగు ముక్కల వివరణ కావాలి. ఫోనులోని బైబిల్లో 'సమాధి' అని కొట్టి వెతికితే యోబు 5:26 దొరికింది. పండిన పంట వేళకు ఇల్లు చేరినట్టు నిండు వయసులో సమాధికి చేరడం గురించిన మాట అది. జీవితమంతా పొలంలో గడిపిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలనుకుని, ముందూ వెనకా చూడకుండా ప్రెస్సుకు పంపేశాను.

ప్రూఫు చూసింది వదిన, పెద్దమ్మ పెద్దకోడలు. ఆమె భర్త, మా అన్నయ్య, చిన్న వయసులోనే పోయాడు. "ఇది ఎలీఫజు అన్న మాట కదయ్యా?" అంది, అంతే.

నా తల తిరిగింది. ఏడుగురు కొడుకుల్నీ ముగ్గురు కూతుళ్లనీ ఒకేసారి పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబుతో, ఓదార్చడానికని వచ్చిన స్నేహితుడు అన్న మాట అది. దేవుని శిక్షకు తలొగ్గితే అంతా బాగుపడుతుందన్నది అతని వాదం. దానికి ముందు వచనంలో సంతానం గడ్డిలా విస్తరిస్తుందంటాడు, పిల్లలు పోయినవాడితో! 42:7లో దేవుడు ఎలీఫజు మీద కోపగించుకుంటాడు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి శవపేటిక పక్కన ఆ కాగితం పంచబోయాను.

అప్పుడు కీర్తన 34:18 తీసుకున్నాం. గుండె పగిలినవాళ్లకు దేవుడు దగ్గరగా ఉంటాడన్నది దాని భావం. పై శీర్షిక ప్రకారం అది దావీదు అబీమెలెకు ఎదుట వెర్రివాడిలా నటించి బయటపడినప్పటిది. 1 సమూయేలు 21లో ఆ రాజు పేరు ఆకీషు. ప్రాణభయంతో గడ్డం మీద చొంగ కార్చుకున్న మనిషి పేరున ఉన్న పాట కాబట్టే దుఃఖంలో ఉన్నవాళ్లకు పరాయిగా ఉండదు. తర్వాతి వచనం నీతిమంతులకూ ఆపదలు చాలా వస్తాయని ఒప్పుకుంటుంది. అందుకే లోపలి పేజీలో ఇలా రాశాను: "పెద్దమ్మ కష్టాలు తప్పించుకోలేదు. కొడుకుని మట్టిలో పెట్టింది. ఆ రోజుల్లోనూ దేవుడు ఆమె దగ్గరే ఉన్నాడు, ఇవాళ మన దగ్గరా ఉన్నాడు." వదిన చదివి 'సరే' అంది.

యోబు గ్రంథంలోంచి వాక్యం తీసేవాళ్లకు ఒక మాట. 5వ అధ్యాయం మొదట్లో మాట్లాడేదెవరో ఉండదు, ఎందుకంటే ఆ ప్రసంగం 4:1లో మొదలైంది. పేరు కనబడేదాకా వెనక్కి వెళ్లి చదవండి.